అవ్వ నడక శబ్దం అతికించినట్టుంది, తేడా ఎక్కడ కొడుతోంది?

పెన్నగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్తే. మూడు నిమిషాల యానిమేషన్ సినిమా ఒకటి చేస్తున్నా. అర్ధరాత్రి ఒక అవ్వకి వీధిలో ఏదో అలికిడి వినిపిస్తుంది. నులక మంచం మీద నుంచి లేచి, వసారా దాటి, తలుపు సగం తీసి ఆగి చెవి ఒగ్గి వింటుంది. తర్వాత పూర్తిగా తీస్తుంది. మాటలు లేవు, సంగీతం కూడా పెట్టదలచుకోలేదు. మొత్తం బరువు శబ్దాల మీదే ఉంది.

మా ఇంట్లో హాల్లో నేనే ఒట్టి కాళ్ళతో నడిచి, టేబుల్ మీద ఫోన్ పెట్టి రికార్డు చేశా. బాగా వచ్చిన అడుగు ఒకటి కత్తిరించి ప్రతి అడుగు కిందా పెట్టా. చూస్తే అవ్వ ఇక్కడ నడుస్తోంది, అడుగులు మాత్రం పక్క గదిలో ఇంకెవరివో అన్నట్టున్నాయి. బీరువా తలుపుతో కిర్రు శబ్దం తీస్తే బాతు అరిచినట్టొచ్చింది. చీర శబ్దం ఎలా చేయాలో అసలు తెలియట్లేదు. ఇవన్నీ ఒక ఎత్తు, సినిమా మొదట్లో అడుగులు కుదిరినట్టే ఉండి చివరికి వచ్చేసరికి కాలు పడకముందే శబ్దం వచ్చేస్తోంది. ఆ టెన్షన్ ఒకటి.

నా దగ్గర ఫోను, అప్పు తెచ్చుకున్న ఒక కండెన్సర్ మైకు, చిన్న ఆడియో ఇంటర్ఫేసు ఉన్నాయి. బొమ్మలు సెకనుకి 24 ఫ్రేములు, రెండేసి ఫ్రేములకి ఒక బొమ్మ చొప్పున గీశా. ఎవరైనా దారి చూపిస్తారా?

---

ఒంగోలు గిత్త

ఇంత కష్టం ఎందుకండీ, నెట్‌లో ఉచితంగా దొరికే శబ్దాల బ్యాంకులు బోలెడున్నాయి. అడుగులు, తలుపులు, బట్టలు అన్నీ దొరుకుతాయి. దించుకుని పెట్టేయడమే. అవ్వ అడుగు తేలిగ్గా అనిపిస్తే సౌండ్ పెంచండి, బరువొస్తుంది. మా యూట్యూబ్ పిల్లల పాటలన్నిటికీ ఇదే చేస్తా.

---

అల్లూరు చెరువు

తలుపు కిర్రుమంటుంటే దానికి ఇంత చర్చ ఎందుకు తల్లీ. కీలు సందులో రెండు చుక్కలు కొబ్బరి నూనె వేసి నాలుగు సార్లు తిప్పు. వానాకాలంలో చెక్క ఉబ్బితే మాత్రం నూనె పని చేయదు, అడుగున చిత్రిక పట్టించాలి.

---

పెన్నగట్టు

బాబాయ్, నాకు కిర్రు పోవడం కాదు, కిర్రు కావాలి 😀

---

గిలక (కావలి)

అమ్మాయ్, చెన్నైలో చాలాకాలం ఫోలీ, అంటే సినిమాలో అడుగులూ తలుపులూ బట్టల చప్పుళ్ళు బొమ్మ చూస్తూ చేసే పని, చేసి ఇప్పుడు ఊళ్ళో ఉంటున్నా. నీ ప్రశ్నలో నాలుగు విషయాలున్నాయి, అడుగులతో మొదలుపెడదాం.

పక్క గదిలోంచి వస్తున్నట్టు ఉండడానికి కారణం నీ హాలు. టైల్సు నేల, ఖాళీ గోడలు. ఫోను టేబుల్ మీద ఉందంటే అడుగు కన్నా గోడలకి కొట్టుకుని తిరిగొచ్చిన మోత ఎక్కువ పట్టి ఉంటుంది. సినిమాలో అవ్వ నడిచేది వసారాలో, పైన పెంకులు, ఒక పక్క తెరిచి ఉంటుంది. ఆ మోతకీ ఈ చోటుకీ పొత్తు లేదు. మోత ఒకసారి రికార్డులో కలిసిపోతే తర్వాత తీయలేం. మోత లేకుండా పట్టుకుని, కావలసినంత తర్వాత కలుపుకోవడం తేలిక.

కాబట్టి ఇంట్లో బట్టలూ పరుపులూ ఎక్కువున్న చిన్న గది చూసుకో. గోడలకి బొంతలు వేలాడదీయి. అవ్వ నడిచేది ఏ నేల మీద? సిమెంటా, కడప బండా?

---

పెన్నగట్టు

కడప బండలే అన్నా. మా అమ్మమ్మ వాళ్ళ ఇల్లు చూసి గీశా.

---

గిలక

అయితే రెండడుగుల కడప బండ ముక్క ఒకటి సంపాదించు. ఇల్లు కట్టే చోట అడిగితే విరిగినది ఊరకే ఇస్తారు. దాన్ని నేరుగా టైల్సు మీద పెట్టావంటే కాలు వేసినప్పుడల్లా టకటక కదులుతుంది, కింద బోలుగా మోగుతుంది. ఇసుక నింపిన గోతం పరిచి, దాని మీద బండని కుదురుగా కూర్చోబెట్టు. పిడికిలితో కొట్టి చూడు. ‘డబ్’ అని ఆగిపోవాలి, ‘ఠంగ్’ అని సాగకూడదు. సాగితే ఇసుక సర్ది మళ్ళీ కొట్టు.

మైకు బండకి రెండు మూడు అడుగుల దూరంలో, నడుము ఎత్తున, పాదం వైపు వంచి పెట్టు. మరీ జానెడు దూరంలో పెడితే చర్మం బండని వదిలే ‘పిచ్’ శబ్దం పెద్దగా వినిపిస్తుంది. అది పాదాన్ని దగ్గరగా చూపించే షాట్‌కి పనికొస్తుంది. వసారా అంతా కనబడే షాట్‌లో ఆ శబ్దం పెడితే చూసేవాడి చెవి అవ్వ కాలి దగ్గర, కన్ను వీధిలో ఉన్నట్టవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఒకే అడుగుని అన్ని చోట్లా అతికించావు చూడు, అది చెవికి ఇట్టే దొరికిపోతుంది. మూడో అడుగుకే యంత్రం అని తెలిసిపోతుంది. అడుగులు బొమ్మ చూస్తూ, మొదటి నుంచి చివరి దాకా నువ్వు నడిచి చేయాలి. ఈ పనికి పేరొచ్చిందే అలా చేసిన మనిషి వల్ల. యూనివర్సల్ స్టూడియోలో జాక్ ఫోలీ అనే ఆయన 1929లో ‘షో బోట్’ సినిమాకి తెర మీద బొమ్మ చూస్తూ శబ్దాలు చేసి రికార్డు చేశారు. ఇప్పుడు ట్రాకులు ఎన్నైనా ఉండొచ్చు, పద్ధతి మాత్రం అదే.

గిత్త గారూ, సౌండ్ పెంచితే బరువు రాదండీ. అవ్వ కెమెరాకి దగ్గరగా వచ్చినట్టు వస్తుంది, అంతే. లావాటి మనిషి అడుగులో మడమ పడ్డప్పుడు కింది స్వరం ఎక్కువ ఉంటుంది, ముని పాదం ఆనడానికి కాస్త వ్యవధి పడుతుంది. బరువు తెలిసేది అక్కడే.

---

ఒంగోలు గిత్త

సరే, ఒప్పుకుంటా. కానీ బ్యాంకులో ఒకే మనిషివి ఇరవై ముప్ఫై వేర్వేరు అడుగులు కలిపి ఇచ్చేవి కూడా ఉంటాయి కదా. వాటిని మార్చి మార్చి పెడితే సరిపోదా?

---

గిలక

నడిచే మనిషి తిన్నగా, ఒకే ఊపులో నడుస్తుంటే సరిపోతుంది. వీధిలో పోయే జనానికి నేనూ అలాగే పెట్టేవాణ్ణి. ఈ అవ్వ లేస్తుంది, తూలుతుంది, ఆగుతుంది, మళ్ళీ అడుగేస్తుంది. ఆ ఆగే అడుగు ఏ బ్యాంకులోనూ ఉండదు.

---

కందుకూరు మాష్టారు

చర్చ బాగుంది. మాది నాటకాల కుటుంబం. పౌరాణిక నాటకాల్లో ఉరుముకి రేకు ఊపేవాళ్ళం, గుర్రానికి కొబ్బరి చిప్పలు. చిప్పలు బల్ల మీద కొడితే రాతి బాట, మట్టి మూకుడులో కొడితే మట్టి బాట. జనం ఎప్పుడూ కాదనలేదు. కానీ అమ్మాయి గారు అడిగింది ఒట్టి కాళ్ళ గురించి. మా అనుభవంలో స్టేజీ మీద ఒట్టి కాళ్ళ నడక అసలు వినపడదు. వినపడనిదాన్ని వినిపించడం దేనికి?

---

గిలక

మాష్టారూ, నిజమే, ఇంట్లో మనం వినేది కూడా అడుగు కాదు. మడమ పడ్డప్పుడు కొంచెం దబ్బు, పాదం బండని వదిలేటప్పుడు కొంచెం చప్పుడు, కాలు ఈడిస్తే గరగర. కానీ తీసిన సినిమాకీ గీసిన సినిమాకీ ఒక తేడా ఉంది. తీసిన దాంట్లో ఎంత చెడ్డగా రికార్డయినా ఆ రోజు ఆ చోట ఉన్న శబ్దం కొంత ఉంటుంది. గీసినదాంట్లో సున్నా. పాదం నేలకి ఆనినట్టు ఏ ఆనవాలూ లేకపోతే అవ్వ బండ మీద కాదు, గాల్లో నడుస్తున్నట్టుంటుంది. దూరపు షాట్‌లో మీరన్నట్టు చాలా వరకు వదిలేయొచ్చు.

అమ్మాయ్, ముసలి నడకకి నీ కాళ్ళు వాడొద్దు. వయసులో ఉన్న మనిషి ఎంత మెల్లగా నడిచినా అడుగు ధీమాగా పడుతుంది. చేతులతో చెయ్యి. అరచేతి మడమని బండ మీద మెల్లగా మోపి, తర్వాత నాలుగు వేళ్ళూ ఒకదాని వెనక ఒకటి ఆనించు. అరచేతిని తడి గుడ్డతో ఒకసారి తుడుచుకో, నీళ్ళు కారకూడదు. పొడి చెయ్యి అయితే శబ్దం కాగితంలా వస్తుంది. మరీ తడి అయితే బచ్చలి గదిలో నడిచినట్టొస్తుంది. ఈడ్పు కావాలంటే మోపే ముందు మణికట్టు కింది భాగాన్ని రెండంగుళాలు జరుపు. చేతులతో చేయడంలో ఇంకో లాభం, కళ్ళు తెర మీదే ఉంచొచ్చు.

---

సింగరాయకొండ ఎడిటర్

నేను చివర్లో తప్పుతున్న సంగతి చూస్తా. పెన్నగట్టు గారూ, రెండు ప్రశ్నలు. శబ్దాలు పెట్టింది ఏ వీడియోకి? చివరి వీడియో ఎవరు కట్టారు?

---

పెన్నగట్టు

శబ్దాలు నేను ఇంట్లో కట్టుకున్న డ్రాఫ్ట్ వీడియోకి పెట్టా. రంగులన్నీ అయ్యాక పీఎన్‌జీ బొమ్మలు పంపితే మా స్నేహితురాలు హైదరాబాద్‌లో ఫైనల్ వీడియో చేసి పంపింది. దానికింద నా ఆడియో పెట్టా.

---

సింగరాయకొండ ఎడిటర్

అనుకున్నా. వీడియో సెకనుకి ఎన్ని ఫ్రేములో చెప్పే కమాండు ఇది, రెండు ఫైళ్ళ మీదా నడిపి చూడండి.

```
ffprobe -v error -select_streams v:0 -show_entries stream=r_frame_rate -of csv=p=0 avva.mp4
```

`24/1` అని వస్తే సరిగ్గా 24. `24000/1001` అని వస్తే 23.976.

---

పెన్నగట్టు

నాది `24/1`. తను పంపింది `24000/1001`. ఇంత చిన్న తేడాకేనా?

---

సింగరాయకొండ ఎడిటర్

లెక్క చూడండి. మూడు నిమిషాలంటే 4320 బొమ్మలు. సెకనుకి 24 చొప్పున 180 సెకన్లు. అవే బొమ్మలు 23.976 చొప్పున నడిస్తే 180.18 సెకన్లు. ఆడియో పొడవు మారలేదు, బొమ్మ మాత్రం సాగింది. అందుకే మొదట్లో తేడా తెలియదు, పోను పోను శబ్దం ముందుకెళ్ళి చివరికి నాలుగు ఫ్రేములు ముందుంటుంది. చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు బొమ్మల వరసని లోపలికి తెచ్చుకునేటప్పుడు తమ సెట్టింగ్‌లో ఉన్న వేగాన్నే తీసుకుంటాయి, అడగవు.

పైగా శబ్దం ముందు రావడాన్ని మనిషి త్వరగా పట్టేస్తాడు. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చిన లెక్క ప్రకారం శబ్దం సుమారు 45 మిల్లీసెకన్లు ముందొస్తే తెలిసిపోతుంది, వెనకొస్తే మాత్రం 125 దాకా తెలియదు. పిడుగు చూశాకే కదా ఉరుము వింటాం, చెవికి ఆ వరస అలవాటు. మీ సినిమా చివర్లో తేడా 180.

ఆడియోని సాగదీయకండి. ఆ బొమ్మల్నే 24 దగ్గర మళ్ళీ కట్టమనండి. ఇకముందు సినిమా మొదటి బొమ్మకి ముందూ, చివరి బొమ్మ తర్వాతా ఒక ఫ్రేము తెల్లగా మెరిసేట్టు పెట్టి, అక్కడ ఒక ‘టిక్’ ఉంచండి. రెండు చోట్లా టిక్కూ మెరుపూ కలిస్తే మధ్యలో అంతా కలిసినట్టే. మొదట్లో కలిసి చివర్లో విడిపోతే వేగం తేడా. రెండు చోట్లా ఒకే ఎడంతో విడిపోతే ట్రాకు జరిగింది.

---

పెన్నగట్టు

అన్నా, మళ్ళీ కట్టించా. చివర్లో కలిసింది! కానీ ఇప్పుడు కూడా కొన్ని అడుగులు కాస్త బద్ధకంగా, వెనకబడ్డట్టు అనిపిస్తున్నాయి. కాలు ఆనే ఫ్రేము దగ్గరే క్లిప్పు మొదలు పెట్టానే.

---

గిలక

క్లిప్పు మొదలు కాదమ్మా చూడాల్సింది, శబ్దంలో మొన ఎక్కడుందో చూడాలి. నీ అడుగు క్లిప్పుని బాగా పెద్దది చేసి చూడు. ముందు ఈడ్పు కొంత సన్నగా పాకుతుంది, తర్వాత మడమ పడ్డ చోట నిటారుగా లేస్తుంది. ఆ లేచిన చోటు కాలు ఆనిన బొమ్మ మొదటి ఫ్రేము మీద ఉండాలి. ఈడ్పు దానికి ముందే మొదలవుతుంది, కాలు గాల్లోంచి దిగేటప్పుడు వినపడాలి కూడా. నువ్వు ఈడ్పు మొదలుని ఆనే ఫ్రేము మీద పెట్టి ఉంటావు. మడమ రెండు మూడు ఫ్రేములు లోపల పడి ఉంటుంది.

రెండేసి ఫ్రేములకి గీశావు కాబట్టి ఇంకోటి గమనించు. కాలు ఆనిన బొమ్మ రెండు ఫ్రేములు నిలబడుతుంది. మొన మొదటి ఫ్రేము మీద పడితే అడుగు చురుగ్గా ఉంటుంది, రెండోదాని మీద పడితే కొంచెం కుంగినట్టుంటుంది. అవ్వ మంచం దిగి వేసే మొదటి రెండడుగులకి నేనైతే రెండో ఫ్రేము మీదే పెడతా. వసారా మధ్యకొచ్చాక మొదటిదానికి జరుపుతా. దీనికి కొలత చెప్పలేను, చూసి తేల్చుకోవాల్సిందే.

---

సింగరాయకొండ ఎడిటర్

ఇక్కడ నాది వేరే అభిప్రాయం. అన్నీ మొదటి ఫ్రేము మీదే పెట్టమంటా. ఫోన్‌లో బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూసేవాళ్ళకి శబ్దం ఎటూ వెనకబడుతుంది. మనం కావాలని ఇంకో ఫ్రేము వెనక్కి పెడితే రెండూ కలిసి బాగా తెలిసిపోతుంది.

---

గిలక

చాలా ఫోన్లు బొమ్మని కూడా ఆ మేరకు వెనక్కి జరిపి చూపిస్తాయి కదా. చూసే సాధనాన్ని బట్టి నటన మార్చడం నాకు నచ్చదు. సరే, అమ్మాయి రెండూ చేసి చూసుకుంటుంది.

---

బుచ్చి సుబ్బక్క (ఉదయగిరి)

చీర సంగతి ఎవరూ చెప్పలేదు. నేను టైలరింగ్ చేస్తా, బట్ట చప్పుడు నాకు బాగా తెలుసు. గంజి పెట్టిన కొత్త నూలు చీర కాగితం నలిపినట్టు ఫెళఫెళమంటుంది. అదే చీర నాలుగైదు ఉతుకులు పడ్డాక మెత్తగా సుయ్‌మంటుంది. సిల్కు పాలిస్టరు సన్నగా ఈలలాంటి చప్పుడు చేస్తుంది, అది ముసలావిడ ఒంటి మీద బాగుండదు. పట్టు అయితే జరీ అంచు గరగరలాడుతుంది. రాత్రి పడుకుని లేచిన అవ్వ అంటే పాత నేత చీరే కదా. కొత్తది వాడకు.

---

గిలక

అక్కా, సరిగ్గా చెప్పారు. నేను కలిపేది ఒకటే. చీర కట్టుకుని నడిచి రికార్డు చేయకమ్మా, కాళ్ళ చప్పుడు కూడా పడుతుంది. కూర్చుని, చీర మడతని రెండు చేతుల్లో పట్టుకుని, మైకుకి అడుగు దూరంలో, సినిమా మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపున చెయ్యి. అవ్వ లేస్తే మడత విప్పు. నడిస్తే అడుగుకొకసారి రెండు పొరలూ రుద్దు. ఆగితే నీ చేతులూ ఆగాలి. ముక్కలుగా చేస్తే ప్రతి కోత దగ్గరా తెలుస్తుంది.

తర్వాత ఈ ట్రాకుని బాగా తగ్గించు. సినిమా నడుస్తుండగా మ్యూట్ చేసి చూడు, అవ్వ ఒక్కసారిగా అట్టబొమ్మ అయిపోయినట్టు అనిపిస్తే సరిపోయింది. చీర చప్పుడు విడిగా చెవిన పడుతుంటే ఇంకా తగ్గించాలి.

---

అల్లూరు చెరువు

ఓహో, ఇప్పుడర్థమైంది మీ పని. మా వైపు రాకండి మరి, రొయ్యల గుంటల దగ్గర రాత్రంతా ఏరేటర్లు తిరుగుతుంటాయి. మా పిల్లోడు ఫోన్‌లో పాట పాడి రికార్డు చేస్తే పాట కన్నా ఏరేటరే బాగా పడింది.

---

పెన్నగట్టు

మాకు ఏరేటర్లు లేవు గానీ ఫ్యాన్ ఆపితే పక్కింటి కూలరు, అది ఆపితే హైవే లారీలు. అన్నా, ఫోన్‌లో రికార్డు చేసిన వాటిల్లో ఇంకో వింత. అడుగు పడగానే వెనక హోరు తగ్గిపోతుంది, అడుగుకీ అడుగుకీ మధ్య మెల్లగా పైకి లేస్తుంది.

---

గిలక

అది ఫోను తెలివితేటలు. మాట వినపడడానికి తయారు చేసిన రికార్డరు, నిశ్శబ్దంగా ఉంటే తనే సౌండ్ పెంచుకుంటుంది, చప్పుడు రాగానే తగ్గించుకుంటుంది. కొన్ని ఫోన్లయితే చీర చప్పుడుని హోరు అనుకుని తుడిచేస్తాయి కూడా. లెవెల్ మన చేతిలో ఉంచే రికార్డింగ్ యాప్ వాడాలి, నీకు మైకూ ఇంటర్ఫేసూ ఉన్నాయి కాబట్టి ఆ బాధ లేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టు. అన్నిటికన్నా గట్టి చప్పుడు మైనస్ 12 డీబీ దగ్గర పడితే చాలు.

హోరు గురించి. లారీలు తగ్గే వేళ చూసుకుని చెయ్యి. ఫ్రిజ్ స్విచ్ తీసేసి, బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టుకో. పని అయ్యాక వాటి కోసం తలుపు తీస్తావు, స్విచ్ వెయ్యడం మరిచిపోవు. ప్రతిసారీ మొదట్లో అర నిమిషం ఏమీ చేయకుండా గది చప్పుడు రికార్డు చేసి ఉంచుకో. హోరు తీసే పనిముట్టుకి నమూనా అదే.

---

ఒంగోలు గిత్త

హోరు తీసే ఆప్షన్ ఫుల్లుగా పెడితే లారీ కూడా పోతుంది, నేను చూశా.

---

గిలక

లారీ పోతుంది, దాంతో పాటు చీర పోతుంది. మిగిలింది నీళ్ళలో బుడగలు లేస్తున్నట్టుంటుంది. కొంచెమే తియ్యాలి. మిగిలిన హోరుని వీధిలో కీచురాళ్ళ చప్పుడు కప్పేస్తుంది.

ఇప్పుడు తలుపు. అమ్మాయ్, ఆ షాట్ ఫ్రేములు కాస్త విడమరిచి చెప్పు.

---

పెన్నగట్టు

షాట్ మొత్తం 74 ఫ్రేములు. 6 దగ్గర గడియ తీస్తుంది. 12 దగ్గర తలుపు కదులుతుంది, 30 దగ్గర ఆగుతుంది. 44 దాకా అలాగే వింటుంది. మళ్ళీ కదిలి 70 దగ్గర పూర్తిగా తెరుచుకుని గోడకి ఆనుతుంది. నేను బీరువా కిర్రుని 12 నుంచి 70 దాకా సాగదీసి పెట్టా.

---

గిలక

తలుపు ఆగినా కిర్రు ఆగకపోతే ఎవరు నమ్ముతారమ్మా? అదొకటి. బాతు ఎందుకొచ్చిందో చెబుతా. కిర్రు అంటే రెండు చెక్కలో ఇనుములో పట్టుకుని, జారి, మళ్ళీ పట్టుకోవడం. మెల్లగా తిప్పితే ఆ పట్లు విడివిడిగా టిక్ టిక్ మంటాయి. వేగం పెంచితే అవి కలిసిపోయి స్వరం అవుతుంది, ఇంకా పెంచితే స్వరం పైకెళ్తుంది. నువ్వు బీరువా తలుపుని చకచకా తిప్పావు, పైగా రేకు పల్చన, కీలు చిన్నది. సాగదీస్తే స్వరం కూడా వంకర పోయింది. అవ్వ తలుపు టేకుదో వేపదో, బరువైనది. అంత బరువు తలుపు మెల్లగా పట్లు పట్లుగా మొదలై, తర్వాతే స్వరం అందుకోవాలి.

మీ ఇంట్లో పాత నులక మంచమో నవారు మంచమో ఉందా? దాని కోడూ పట్టె కలిసే చోట మోకాలితో మెల్లగా ఒత్తు. ఒత్తిడి నీ చేతిలో ఉంటుంది కాబట్టి కిర్రు వేగం కూడా నీ చేతిలోనే ఉంటుంది. తలుపుతో అయితే అంత పట్టు దొరకదు. కిర్రు రాకపోతే సందులో కొంచెం రోజిన్ పొడి, అదే వయొలిన్ కమానుకి రాసేది. అల్లూరు బాబాయ్ చెప్పిన కొబ్బరి నూనె మాత్రం దూరంగా ఉంచు, ఒక చుక్క పడిందంటే ఆ మంచం మళ్ళీ పలకదు.

బొమ్మ చూస్తూ ఒత్తు. 12లో మొదలు, 30లో ఆపు. ఆపేటప్పుడు మోకాలు వెంటనే తీయకు, తీస్తే ఎదురు కిర్రు వస్తుంది. ఒత్తి పట్టుకునే ఉండు, 44లో అక్కణ్ణుంచే ముందుకు వెళ్ళు. రెండో కిర్రు మొదటి దాని కన్నా కొంచెం పై స్వరంలో మొదలవుతుంది. అలా వస్తే అతుకు అనిపించదు, అదే తలుపు అనిపిస్తుంది.

దీని కింద ఇంకో పొర కావాలి. కిర్రు ఒక్కటే ఉంటే తలుపు రేకులా ఉంటుంది. పెద్ద అట్టపెట్టె పక్కని అరచేత్తో మెల్లగా నిమురు, లేదా బరువైన చెక్క పెట్టెని చాప మీద బెత్తెడు జరుపు. ఆ కింది గుయ్యిమనే చప్పుడు కిర్రుతో పాటే మొదలై పాటే ఆగాలి. 70 దగ్గర గోడకి ఆనేటప్పుడు గోతం మీద పీటని మెల్లగా మోపు. గడియ మాత్రం నిజం గడియతోనే చెయ్యి, ఇనుముకి బదులు ఇంకేదీ పలకదు.

---

సింగరాయకొండ ఎడిటర్

చిన్న చిట్కా. ఎలక్ట్రానిక్స్ కొట్లో దొరికే పైజో బిళ్ళని మంచం పట్టెకి టేపుతో అంటించి ఇంటర్ఫేసులో పెడితే లారీ హోరు దాదాపు పడకుండా చెక్కలోపలి చప్పుడు పట్టుకోవచ్చు. కానీ మైకు గుంటలో కాదు, గిటార్ గుర్తు ఉన్న గుంటలో పెట్టాలి. మైకు గుంటలో పెడితే కింది స్వరమంతా పోయి గీర గీరగా వస్తుంది. దాన్ని మామూలు మైకుతో కలిపి వాడండి, ఒక్కటే అయితే లోపల చెవి పెట్టి విన్నట్టుంటుంది.

---

కందుకూరు మాష్టారు

ఒక సందేహం. ముసలావిడ నడుస్తుంటే కడప బండ మీద మెట్టెలు టిక్ టిక్‌మంటాయి. మా అమ్మ నడిస్తే ఆ చప్పుడుతోనే గుర్తుపట్టేవాళ్ళం. అది పెడితే అడుగు అడుగుకీ బలం వస్తుంది గదా?

---

గిలక

చాలా మంచి ఆలోచన మాష్టారూ. వేలికి మెట్టె తొడుక్కుని, వేళ్ళు ఆనించేటప్పుడు తగిలిస్తే సరి. ప్రతి అడుగుకీ వద్దు, మూడు నాలుగింటికి ఒకసారి.

---

బుచ్చి సుబ్బక్క

అది సరే గానీ, కథలో తాతయ్య ఉన్నాడా?

---

పెన్నగట్టు

లేడక్కా. గోడ మీద దండ వేసిన ఫోటో గీశా.

---

బుచ్చి సుబ్బక్క

మరి మెట్టెలెక్కడివి? మా వైపు ముసలాళ్ళయితే తీసేస్తారు. గాజులు కూడా ఆలోచించుకుని పెట్టు.

---

కందుకూరు మాష్టారు

ఇప్పుడు తీయకుండా ఉంచుకునేవాళ్ళూ ఉన్నారమ్మా. మా వీధిలోనే ఉన్నారు.

---

బుచ్చి సుబ్బక్క

ఉంటారు, వద్దనట్లేదు. కానీ ఫోటోకి దండ చూసిన జనం మెట్టెల చప్పుడు వింటే, ఇది కావాలని పెట్టిందా, తెలియక పెట్టిందా అని ఆగిపోతారు. కథ దాని గురించి కాదు కదా. రొంటిన తాళాల గుత్తి పెట్టు. ఒంటరిగా ఉండే ముసలావిడ దగ్గర బీరువా తాళం, పెట్టె తాళం రొంటినే ఉంటాయి.

---

పెన్నగట్టు

అక్కా, గుత్తి బాగుంది! రొంటి దగ్గర చిన్న ఉబ్బు గీస్తే చాలు, అన్ని ఫ్రేముల్లో గుత్తి గీయక్కర్లేదు. కానీ చేసి చూస్తే తాళాలు గలగలమని మువ్వల్లా మోగుతున్నాయి.

---

గిలక

రెండు తాళాలే ఉంచు. వాటిని కలిపి దారంతో ఒక చుట్టు చుట్టి, పాత చీర ముక్కలో నాలుగు మడతలు పెట్టి మైకు ముందు కదుపు. లోపల ఇనుము ఇనుముకి తగులుతున్నట్టు లీలగా తెలిస్తే చాలు. దీన్ని చీర ట్రాకులో కలపకు, విడిగా ఉంచు. మంచం మీద నుంచి లేచేటప్పుడూ, తలుపు దగ్గర ఆగినప్పుడూ వినపడితే సరిపోతుంది.

---

పెన్నగట్టు

తలుపు కుదిరింది అన్నా. మంచం పట్టె, కింద ట్రంకు పెట్టె జరిపిన చప్పుడు కలిపా. 30 దగ్గర ఆగినప్పుడు మా తమ్ముడు నిజంగానే వెనక్కి తిరిగి మా తలుపు వైపు చూశాడు. అడుగులు దగ్గరి షాట్లలో బాగున్నాయి. వసారా మొత్తం కనబడే షాట్‌లో మాత్రం ఎటూ తేల్చుకోలేకపోతున్నా. పెడితే అవ్వ దగ్గరగా ఉన్నట్టుంది, తీసేస్తే తేలిపోతోంది.

---

కందుకూరు మాష్టారు

తీసెయ్. కీచురాళ్ళు చాలు.

---

గిలక

అడుగులు తీసి చీర, తాళాలు ఉంచి చూడు. లేదా అడుగుల్లో మడమ దబ్బు మాత్రం ఉంచి, పైన ఉన్న ‘పిచ్’ శబ్దాన్ని, పై స్వరాలూ కింది స్వరాలూ విడిగా తగ్గించే ఈక్యూలో కోసెయ్. దూరం పోయేకొద్దీ ముందు మాయమయ్యేది ఆ పై చప్పుడే.

---

సింగరాయకొండ ఎడిటర్

ఏది చేసినా ఒకసారి ఫోన్ స్పీకర్లో విని చూడండి. చిన్న స్పీకరు మడమ దబ్బుని అసలు పలికించదు. గిలక అన్న చెప్పినట్టు పైది కోసేస్తే ఫోన్‌లో చూసేవాళ్ళకి ఆ షాట్‌లో అడుగులు లేనట్టే.

---

పెన్నగట్టు

అవును, ఫోన్‌లో ఏమీ వినపడలేదు. చీర, తాళాలు మాత్రం వినపడుతున్నాయి. రెండు రకాలుగా కట్టి రేపు రాత్రి ఇక్కడ లింకులు పెడతా, చూసి చెప్పండి.